ఎరుపు బంతి, నీలం బంతి: 6 ఏళ్ల వాడకం తర్వాత

మా కుక్క చిట్టి ఇంటికి వచ్చి 6 ఏళ్లు దాటింది. ఈలోగా అది కొరికి పారేసిన బంతులకు లెక్కలేదు. ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో ఒకే తయారీ, ఒకే పరిమాణం ఉన్న రబ్బరు బంతులు మాత్రం మళ్లీ మళ్లీ కొంటూ వచ్చాను. ఈ సమీక్ష రబ్బరు నాణ్యత గురించి కాదు, రంగు గురించి. ఎందుకంటే మొదటి రెండేళ్లు నేను తప్పు రంగు కొన్నాను.

ఎరుపును ఎంచుకున్నది నా కళ్ల సౌకర్యం కోసం. పచ్చగడ్డిలో ఎరుపు బంతి దూరం నుంచే నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది. చిట్టి సంగతి వేరుగా ఉండేది. బంతి ఎగురుతున్నంతసేపూ, గెంతుతున్నంతసేపూ బాణంలా వెంటపడేది. బంతి ఆగిన మరుక్షణం తడబడేది. దాని పక్కనుంచే రెండు మూడు అడుగులు ముందుకు దూసుకుపోయి, ఆగి, ముక్కు నేలకు ఆనించి చుట్టూ తిరిగేది. చూపు తగ్గిందేమోనని పశువైద్యుడికి చూపించాను. కళ్లు నిక్షేపంగా ఉన్నాయన్నారు. చివరికి మా అమ్మాయే అడిగింది: "నాన్నా, దానికి ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదేమో?"

నిజంగానే కనిపించదు. అలాగని కుక్కలకు లోకమంతా నలుపు తెలుపుగా ఉంటుందనే పాత మాటా సరైనది కాదు. మన కంటిలో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. కుక్క కంటిలో ఉన్నవి రెండే. వాటిలో ఒకటి 430 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి, రెండోది 555 దగ్గరి పసుపు పచ్చని కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. ఈ రెండింటి స్పందనలో తేడా ఎంతో పోల్చుకునే మెదడు రంగును నిర్ణయిస్తుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు కాంతులు ప్రధానంగా ఆ రెండో రకం కణాలనే తట్టి లేపుతాయి. అందుకే అవన్నీ కుక్కకు ఒకే పసుపు కుటుంబంలోని రకాలు. నీలం, ఊదా రెండూ నీలపు కుటుంబం. 1989లో జే నీట్జ్, టిమొతీ గీస్ట్, జెరాల్డ్ జేకబ్స్ మూడు కుక్కలతో దీన్ని పరీక్షించారు. మూడు వెలుగు పలకల్లో రంగు తేడాగా ఉన్నదాన్ని ముక్కుతో తాకితే కుక్కకు బహుమతి దక్కేది. 480 నానోమీటర్ల దగ్గరి నీలి ఆకుపచ్చ కాంతిని ఆ కుక్కలు రంగులేని తెల్లని కాంతి నుంచి వేరు చేయలేకపోయాయి.

ఇప్పుడు ఎరుపు బంతి సంగతికి వస్తాను. గడ్డి కుక్కకు మందమైన పసుపు. దాని మీద ఎరుపూ ముదిరిన పసుపే. పైగా ఎరుపు కాంతి రెండో రకం కణాలను కూడా బలహీనంగానే కదిలిస్తుంది కాబట్టి బంతి మసకగా, గడ్డిలో పడ్డ నీడ ముక్కలా ఉంటుంది. రంగు సాయం పోయాక మిగిలేది వెలుగు నీడల తేడా ఒక్కటే. ఆ తేడాను పట్టడంలో కుక్క మనకన్నా దాదాపు రెండింతలు వెనకబడి ఉంటుంది. చూపు సూక్ష్మతా తక్కువే: మనిషికి 75 అడుగుల నుంచి తెలిసే వివరం దానికి తెలియాలంటే దాదాపు 20 అడుగుల దగ్గరికి రావాలి. కదలికను మాత్రం అద్భుతంగా పడుతుంది. బంతి గెంతుతున్నప్పుడు చురుకు, ఆగాక తడబాటు అందుకే.

నీలం కొన్నాక ఫలితం నిజమా, నా ఊహా అని తేల్చుకోవాలనిపించింది. ఇక్కడ మోసపోవడం చాలా తేలిక, కుక్క ముక్కు కంటి పనిని దాచిపెట్టేస్తుంది. పాత బంతి మీద దాని లాలాజలపు వాసన ఉంటుంది, కొత్తదాని మీద రబ్బరు వాసన ఉంటుంది. అందుకని మూడు బంతులనూ ఒకే నీళ్లలో కడిగి, ఒకే సంచిలో ఒక రాత్రంతా ఉంచాను. మరునాడు మా అమ్మాయి చిట్టిని గోడ వెనక పట్టుకుంటే, నేను ఒక్కో బంతిని గడ్డిలో ఒక్కో చోట కదలకుండా పెట్టి వచ్చాను. గాలి చిట్టి వైపు నుంచి బంతి వైపు వీచే దిక్కునే ఎంచుకున్నాను, వాసన ఎదురు రాకుండా. వదిలాక అది ముక్కు దించకుండా నేరుగా బంతి దగ్గరికి వెళ్లిందా, లేక వెతికిందా అన్నదే లెక్క. వారం రోజుల్లో తేడా స్పష్టమైంది. నీలానికి దాదాపు ప్రతిసారీ తలెత్తుకునే వెళ్లింది. ఎరుపుకు ఎక్కువసార్లు ముక్కుతో వెతుక్కుంది. పసుపు రెండింటికీ మధ్యలో నిలిచింది.

పసుపు గురించి కొంచెం ఆగి చెప్పాలి. కుక్కలు పసుపును బాగా చూస్తాయన్న మాట సగమే నిజం, వెనక ఏముందన్నది మిగతా సగం. ముదురు పచ్చగడ్డిలో పసుపు బంతి రంగుతో కాక, మెరుపుతో కాస్త బయటపడుతుంది. ఎండిపోయిన గడ్డిలో ఆ మెరుపు తేడా కూడా పోతుంది. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ బంతులు పోయింది అక్కడే. నీలం చాప మీద వేస్తే మాత్రం దాన్ని మించినది లేదు. నీలం, పసుపు జంట కుక్కకు అతి తేలిగ్గా తెలిసే తేడా. పైగా తేడా తెలిసినప్పుడు అవి రంగునే నమ్ముతాయి. 2013లో రష్యన్ పరిశోధకులు ముదురు పసుపు, లేత నీలం లాంటి కాగితాలతో శిక్షణ ఇచ్చి, తర్వాత ముదురు, లేత తారుమారు చేసి చూశారు. కుక్కలు ఎక్కువసార్లు పాత రంగు వెంటే వెళ్లాయి, వెలుగు తేడా వెంట వెళ్లలేదు.

నీలంలోనూ నాకు ఒక దెబ్బ తగిలింది. ఒకసారి "నీలం" అని రాసి ఉన్న బంతిని తొందరలో కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే నెమలి మెడలాంటి నీలి ఆకుపచ్చ. అందంగా ఉంది, చిట్టికి పనికి రాలేదు. పైన చెప్పిన 480 దగ్గరి చిక్కు ఇదే: ఆ రంగు దానికి దాదాపు బూడిద రంగు. సిమెంటు నేల మీద అయితే బంతి మాయమైనట్టే. ఊదా రంగుది ఆటకు చక్కగా సరిపోయింది. కానీ "నీలం తీసుకురా", "ఊదా తీసుకురా" అని వేరువేరుగా నేర్పుదామని నెల రోజులు శ్రమపడ్డాను. తప్పు దానిది కాదు, నాది.

ఎంత మంచి నీలమైనా మట్టి పూస్తే గోధుమ రంగే, అంటే కుక్కకు మళ్లీ పసుపు కుటుంబమే. అందుకే ఆట మధ్యలో ఒకసారి తుడుస్తాను. సందెవేళ నీలం మెప్పించదు. వెలుతురు తగ్గాక శంకు కణాలు వెనక్కి తగ్గి, రంగు తెలియని దండ కణాలు పని అందుకుంటాయి. అప్పుడు రంగుకన్నా తెలుపే మేలు. మరో హెచ్చరిక: ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి బంతి ఎంత బయటపడుతుందో అంచనా వేయవద్దు. ఆ ఫొటో మన కంటి లెక్కన తయారయింది, ఎరుపు కుక్కకు అందులో కనిపించేదానికన్నా మరింత చీకటిగా ఉంటుంది.

ప్రస్తుతం మా సంచిలో పగటికి ముదురు నీలం బంతి, సాయంత్రానికి తెల్లది ఉంటాయి. ఎరుపువి రెండు మిగిలాయి. వాటిని గడ్డిలో దాచి ముక్కుతో వెతికించే ఆటకు వాడుతున్నాం. ఆ పనికి మాత్రం వాటికి అయిదుకు అయిదు మార్కులు.