జాగ్రత్త: అడ్వాన్సు వాపసు వేరే పేరు మీద నుంచి వస్తే జీతం ఖాతాకు తాళం పడొచ్చు

హన్మకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల కన్సల్టెన్సీలల్ల సెకండ్ హ్యాండ్ బండ్లు కొనేటోళ్ల కోసం రాస్తున్న. బేరం కుదరక అడ్వాన్సు వాపసు తీసుకోవాల్సి వస్తే, మీరు ఏ ఖాతాకు పంపిన్రో అదే ఖాతా నుంచి రావాలని ముందే గట్టిగ చెప్పండి. యూపీఐల వచ్చే పైసలను మనం వద్దనలేం, వచ్చినంక చేసేదేం ఉండదు. అందుకే కన్సల్టెన్సీ ఓనరు పంపకముందే చెప్పాలె.

నా సంగతి ఇది. హంటర్ రోడ్డు దిక్కు ఒక కన్సల్టెన్సీల బైకు చూసి రూ. 20,000 అడ్వాన్సు ఫోన్‌పేల కట్టిన, రసీదు తీసుకున్న. బండి మీద పాత ఫైనాన్స్ ఇంకా ఉంది, దానికి ఎన్‌ఓసీ తెప్పిస్తమన్నరు, తెప్పియ్యలేదు. బేరం వద్దనుకున్నం. ఓనరు "నా ఖాతాల లిమిట్ అయిపోయింది, మా పిల్లగాని నంబర్ నుంచి ఏపిస్త" అన్నడు. ఇరవై వేలు వచ్చినయి, పంపినోళ్ల పేరు మాత్రం ఎన్నడూ వినంది. కొన్ని వారాల తర్వాత, జీతం పడ్డ మర్నాడు పాల ప్యాకెట్‌కు స్కాన్ చేస్తే పోలేదు. ఏటీఎంల కూడ రాలేదు. ఖాతాల రూ. 51,000 కనిపిస్తున్నయి, ఒక్క రూపాయి బయటికి రాదు.

ఇట్ల అయినప్పుడు ముందు చూడాల్సింది ఒకటి ఉంది. ఖాతా మొత్తం ఆపిన్రా, లేక కొంత సొమ్ము మీదనే పట్టు పెట్టిన్రా? రెండోదాన్ని లీన్ అంటరు. లీన్ అయితే మొత్తం బ్యాలెన్సు ఒకటి, వాడుకునే బ్యాలెన్సు ఇంకొకటి కనిపిస్తది, తేడా ఎంతో అంతే ఆగినట్టు. డెబిట్ ఫ్రీజ్ అయితే లోపలికి పైసలు వస్తయి, బయటికి పోవు. జీతం ఖాతాకు ఇదే పెద్ద దెబ్బ. కంపెనీ నెలనెలా వేస్తనే ఉంటది, ఆ బావిల పడ్డది పడ్డట్టే ఉంటది.

బ్రాంచికి పోతే కౌంటర్ల మేడం సిస్టంల చూసి, "సైబర్ క్రైం వాళ్లు పెట్టిచ్చిన్రు అన్నా, మా చేతిల ఏం లేదు, అక్కడికే పోండి" అన్నది. ఎక్కడికి పోవాలె అంటే వేరే రాష్ట్రం పేరు చెప్పింది. సగం వరకు ఆమె మాట నిజమే. ఎవరన్నా మోసపోయి 1930కి ఫోన్ చేసినా, cybercrime.gov.in ల ఫిర్యాదు పెట్టినా, ఆ పైసలు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయినయో బ్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంట పోతయి. మోసగాడి మొదటి ఖాతా, అక్కడి నుంచి రెండోది, అక్కడి నుంచి మూడోది, ఇట్ల ప్రతి మెట్టు దగ్గర సొమ్ము ఆపమని కోరిక పోతది. నాకు అడ్వాన్సు వాపసు వేసిన ఖాతా ఆ వరుసల ఒక మెట్టు. ఆ మెట్టు నుంచి పైసలు అందుకున్నోడు దొంగనా, బైకు కొనబోయినోడా అన్నది ఆ దశల ఎవరూ చూడరు. తాళం వేసేది కూడ బ్రాంచి కాదు, బ్యాంకు హెడ్డాఫీసుల ఈ పని చూసే విభాగం. మేనేజర్ దగ్గర తీసే బటన్ ఉండదు, ఆయన మీద కోపం చేస్తే టైం దండుగ.

మిగిలిన సగం మాత్రం నిజం కాదు. ఎంత సొమ్ము ఆపాలన్నది పోలీసు కోరికల ఉంటది. నా విషయంల అడిగింది రూ. 20,000 గురించే, బ్యాంకు ఆపింది 51,000, పైగా రాబోయే జీతం కూడ. ఆ ఎక్కువ ఆపినదానికి జవాబు చెప్పాల్సింది బ్యాంకే. అందుకే నోటిమాట బంద్ పెట్టి కాగితం మీదికి పోయిన.

కాగితంల "నా ఖాతా విడిపించండి" అని రాస్తే "పోలీసుల నుంచి రావాలె" అనే ఒక్క లైన్ జవాబు వస్తది. నేను రెండు ముక్కలుగ రాసిన. మొదటి ముక్కల వివరాలు అడిగిన: ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, ఏ రాష్ట్రం ఏ పోలీస్ స్టేషన్, దర్యాప్తు అధికారి మెయిల్, ఏ లావాదేవీ మీద అభ్యంతరం, దాని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్, ఎంత సొమ్ము, బ్యాంకుకు ఆ కోరిక ఏ తేదీన అందింది, అందులో లీన్ అన్నరా, ఖాతా మొత్తం ఆపమన్నరా. రెండో ముక్కల అసలు కోరిక: "ఇది నా జీతం ఖాతా. అభ్యంతరం ఉన్న రూ. 20,000 మీద లీన్ ఉంచి, డెబిట్ ఫ్రీజ్ తీసెయ్యండి. తియ్యలేమంటే మొత్తం ఆపమన్న ఆదేశం ఏదో రాతపూర్వకంగ చెప్పండి." దీనికి కంపెనీ జీతం స్లిప్పు, అడ్వాన్సు రసీదు, నా ఖాతా నుంచి అంతకుముందు అదే రూ. 20,000 పోయినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీ, ఓనరు "మా పిల్లగాని నంబర్ నుంచి" అన్న వాట్సాప్ చాట్ పెట్టిన. నా కేసుల బలమైన కాగితం ఆ స్టేట్‌మెంట్ పేజే. పోయింది, వచ్చింది ఒకటే మొత్తం, మధ్యల కారణం రసీదుల ఉంది.

నకలు మీద తేదీతోని బ్రాంచి స్టాంపు వేయించుకోవాలె. మొదట "వెయ్యం" అన్నరు, "ఇన్‌వర్డ్‌ల ఇస్త, నంబర్ ఇయ్యండి" అంటే వేసిన్రు. అదే రోజు అదే కాగితం బ్యాంకు వెబ్‌సైటుల ఫిర్యాదుగ పెట్టి నంబర్ తీసుకున్న. ఆ నంబర్, తేదీ ఎందుకంటే, 30 రోజులల్ల బ్యాంకు జవాబియ్యకపోయినా, ఇచ్చింది సరిగ లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ల పోవచ్చు, ఫీజు లేదు. కాని అక్కడ "పోలీసులు ఆపిన ఖాతా తీయించండి" అని రాస్తే ఉపయోగం ఉండదు, పోలీసుల పని ఓంబుడ్స్‌మన్ పరిధిల రాదు. "బ్యాంకు వివరాలు ఇస్తలేదు, అడిగినదానికంటే ఎక్కువ ఆపింది" అని రాయాలె.

నాకు అంతదాక పోవాల్సిన పని పడలేదు. బ్రాంచి నుంచి కదలిక లేదని బ్యాంకుల ఫిర్యాదులు చూసే పెద్దాఫీసరు, అంటే ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టిన. అందుల 2023ల కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు ప్రస్తావించిన: పోలీసు కోరికల ఎంత సొమ్ము రాసి ఉందో అంతవరకే ఆపాలని అక్కడ బ్యాంకులకు చెప్పింది. అది మన తెలంగాణల బ్యాంకులను కట్టిపడేసే తీర్పు కాదు, ఆ మాట వాళ్లకూ తెలుసు. అయినా "ఏ ఆదేశం మీద మొత్తం ఆపిన్రు" అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. డెబిట్ ఫ్రీజ్ తీసి ఇరవై వేల మీద లీన్ పెట్టిన్రు. జీతం బయటపడ్డది.

ఆ ఇరవై వేలు మాత్రం దర్యాప్తు అధికారి చెప్పాల్సిందే. ఆయనకు అవే కాగితాలు మెయిల్ చేసిన. ఒక మాట గుర్తుంచుకోండి, ఆయన మీ చేతికి లెటర్ ఇచ్చినా దాన్ని తీసుకపోయి బ్యాంకుల ఇస్తే పని కాకపోవచ్చు. పోలీసు అధికారిక మెయిల్ నుంచి నేరుగ బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కు పోవాలని అడగండి. చట్టపరంగ చూస్తే పోలీసులు ఆస్తి స్వాధీనం చేసుకునేది సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 106 సెక్షన్ కింద. చేసుకున్న సంగతి వెంటనే మెజిస్ట్రేట్‌కు తెలపాలని అదే సెక్షన్ల ఉంది. అధికారి పలకకపోతే 503 సెక్షన్ కింద కోర్టుల అర్జీ పెట్టి విడిపించుకోవచ్చు. కాని స్టేషన్ వేరే రాష్ట్రంల ఉంటే కోర్టు కూడ అక్కడిదే అయితది. ఇరవై వేల కోసం వకీలు ఫీజు, రైలు ఖర్చు లెక్కేసుకుని నేను పోలేదు. లక్షలు ఆగినోళ్లు ఆలోచించాల్సిందే.

ఈలోపు చెయ్యాల్సినయి ఉన్నయి. కంపెనీ హెచ్ఆర్‌కు చెప్పి వచ్చే నెల జీతం వేరే బ్యాంకుల మీ పేరు మీదున్న ఖాతాకు మార్పించండి. అదే బ్యాంకుల ఇంకో ఖాతా ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఈఎంఐలు ఈ ఖాతా నుంచి కట్ అయ్యేటట్టు ఉంటే బౌన్స్ ఛార్జీలు రెండు దిక్కుల పడతయి, సిబిల్ కూడ దెబ్బతింటది. గడువు తేదీకి ముందే వేరే ఖాతా నుంచి నేరుగ కట్టెయ్యండి.

ఇగ ఫోన్లు వస్తయి. నాకు ఒకాయన చేసి, "మోసపోయింది నేనే, ఇరవై వేలు నా నంబర్‌కు పంపితే కేసు వాపస్ తీసుకుంట" అన్నడు. ఆయన నిజంగ బాధితుడే అయినా పంపొద్దు. ఆయన వద్దన్నంత మాత్రాన లీన్ పోదు, మీరు రెండోసారి కట్టినట్టు అయితది. ఇచ్చెయ్యాలనుకుంటే ఆగిన సొమ్మునే బాధితునికి పంపడానికి అభ్యంతరం లేదని దర్యాప్తు అధికారికి రాసియ్యండి. టెలిగ్రాంల "ఖాతా అన్‌ఫ్రీజ్ చేసిస్తం" అనేటోళ్లు ఇంకో రకం, ముందు ఫీజు అడుగుతరు, తర్వాత ఓటీపీ. ఆ తాళం తియ్యగలిగేది బ్యాంకు, పోలీసు, కోర్టు, అంతే.

కన్సల్టెన్సీ ఓనరును అడిగితే "నేను మంచిగనే ఇచ్చిన కదా తమ్మీ" అంటున్నడు. ఆ పిల్లగాడు ఎవరో, ఆ ఖాతా ఎవరిదో రాసియ్యమంటే ఇయ్యలేదు. చాట్ల ఉన్న ఆ నంబర్ దర్యాప్తు అధికారికి పంపిన. దర్యాప్తు నడుస్తున్నది కాబట్టి దుకాణం పేరు ఇక్కడ రాస్తలేను. ఇరవై వేలు ఇంకా లీన్‌లనే ఉన్నయి.