జపాన్ రైస్ కుక్కర్ కొనేవారికి హెచ్చరిక: అనువదించిన రివ్యూలో ఏది నమ్మవచ్చు, ఏది నమ్మకూడదు

జపాన్‌లో అమ్మే ఇండక్షన్ రైస్ కుక్కర్లను దిగుమతి చేసుకుని ఇక్కడ ఆన్‌లైన్‌లో అమ్మేవారు కొందరు, అక్కడి కొనుగోలుదారుల రివ్యూలను యంత్రంతో అనువదించి తమ ప్రకటనల్లో పెడుతున్నారు. అలాంటి ఒక ప్రకటన చూసి మేము కొన్న కుక్కర్, ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే చిన్న చప్పుడు చేసి ఆగిపోయింది. విప్పి చూసిన మెకానిక్, లోపలి ఫ్యూజుతో పాటు సర్క్యూట్ బోర్డు కూడా కాలిందని, అది 100 వోల్టుల మీద నడిచేదని చెప్పారు. అమ్మిన వ్యక్తి మాత్రం "విదేశంలో కూడా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది" అన్న రివ్యూ వాక్యాన్ని చూపించి డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

ఆ తరువాత జపనీస్ మూలాన్ని వెతికి చదివించాము. అనువాదంలో తప్పు లేదు. కానీ ఆ వాక్యానికి ముందున్న వాక్యాన్ని ప్రకటనలో వదిలేశారు. ఆ రివ్యూ రాసినవారు కుక్కర్‌ను తైవాన్‌లో ఉన్న తమ కూతురికి పంపించారు. తైవాన్‌లో ఇళ్లకు వచ్చే కరెంటు 110 వోల్టులు, జపాన్‌లో 100 వోల్టులు. ఆ రెంటి మధ్య తేడా కొద్దిపాటిదే కనుక కుక్కర్ అక్కడ నడిచింది. మనకు వచ్చేది 230 వోల్టులు. జపాన్‌లో ఉండి రాసేవారికి 100 వోల్టులన్నది చెప్పవలసిన సంగతే కాదు కాబట్టి, ఎన్ని రివ్యూలు చదివినా ఆ మాట మీకు సాధారణంగా కనిపించదు. రివ్యూలో లేని సంగతిని ఎంత మంచి అనువాదమైనా తెచ్చి ఇవ్వలేదు. అందువల్ల వోల్టేజీ విషయంలో రివ్యూను అసలు సాక్ష్యంగా తీసుకోకండి. కుక్కర్ అడుగున ఉండే రేటింగ్ ప్లేటు ఫోటో అడిగి తీసుకోండి. దాని మీద 100V అని మాత్రమే ఉంటే, ఆ కుక్కర్ వాడటానికి 230 వోల్టులను 100కు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఐదున్నర గో, అంటే సుమారు 825 గ్రాముల బియ్యం పట్టే ఇండక్షన్ కుక్కర్లు సుమారు 1,100 నుంచి 1,300 వాట్ల వరకు తీసుకుంటాయి కనుక, అంతకంటే ఎక్కువ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది బరువైనది, ఖర్చుతో కూడినది. జపాన్ కంపెనీలే విదేశాల కోసం 220 నుంచి 240 వోల్టుల మోడళ్లు కూడా తయారుచేస్తున్నాయి. వాటి మోడల్ నంబరు వేరుగా ఉంటుంది.

అనువాదం నిజంగా తడబడే చోటు మరొకటి ఉంది. జపనీస్‌లో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలు. "3 ఏళ్లలో గిన్నె పూత ఊడిపోయి, మార్చి కొన్నాను" అని తెలుగులో కనిపించే వాక్యంలో పూత ఊడినది ఏ కుక్కర్‌కు? చాలాసార్లు అది రచయిత ఇంట్లోని పాత కుక్కర్, రివ్యూ మాత్రం కొత్తదాని గురించి. అదే కారణంగా, పాతదాని గురించి మెచ్చుకుంటూ రాసిన మాట కొత్తదాని ఖాతాలో పడే ప్రమాదమూ ఉంది. మూలంలో 買い替え అన్న అక్షరాలు కనిపిస్తే, అది పాతదాని స్థానంలో కొత్తది కొన్నామని చెప్పే మాట కాబట్టి, అక్కడి ఫిర్యాదు ఏ కుక్కర్‌దో తేలేవరకు దానిని లెక్కలోకి తీసుకోకండి. ఆ ఒక్క వాక్యాన్ని కాకుండా ముందు వెనుక వాక్యాలతో కలిపి రెండు వేర్వేరు అనువాద యంత్రాల్లో పెట్టి చూడండి. రెండింటిలో కర్త వేర్వేరుగా వస్తే, యంత్రం ఊహించి పూరించిందని అర్థం. ఇచ్చిన నక్షత్రాలతో కూడా పోల్చండి. ఐదు నక్షత్రాలు ఇచ్చినవారు పూత ఊడిపోయిందని రాస్తే, అది చాలావరకు పాతదే.

అంకెలు, మోడల్ నంబర్లు, కొన్న తేదీ, ఫోటోలు అనువాదంలో పెద్దగా చెడవు, వాటిని నమ్మవచ్చు. అయితే అంకె సరిగానే ఉన్నా కొలత మారిపోవచ్చు. జపాన్ కుక్కర్ల పరిమాణాన్ని "గో"లలో చెబుతారు. ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, సుమారు 150 గ్రాముల బియ్యం. అనువాదంలో అది "కప్పు" అని వస్తే, మన ఇంట్లో కొలిచే కప్పుతో పోల్చుకుని లెక్కేసేవారు తమకు సరిపడని పరిమాణం కొంటారు. ఐదున్నర గో అంటే బియ్యం సుమారు 825 గ్రాములు.

రుచి గురించిన మెప్పును మాత్రం జాగ్రత్తగా చదవాలి. అన్నం జిగురుగా, మెత్తగా ముద్దకట్టడం అక్కడ గొప్ప గుణం. వారు వండేది పొట్టి గింజ బియ్యం. సోనా మసూరి పొడిపొడిగా రావాలనుకునే ఇంటికి అదే పొగడ్త హెచ్చరిక కావచ్చు.

కొనేముందు అమ్మకందారును మూడు అడగండి: రేటింగ్ ప్లేటు ఫోటో, మోడల్ నంబరు, తాము చూపిస్తున్న రివ్యూ పూర్తి మూలపాఠం. వోల్టేజీ ఎంతో, 230 వోల్టుల మీద పాడైతే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతపూర్వకంగా చెప్పించుకోండి. మూలపాఠం ఇవ్వలేమనే అమ్మకందారు దగ్గర కొనకండి.