వాచ్ లేకుండా పరుగు, సైకిల్ లెక్క: స్ట్రావానా, నైకీ రన్ క్లబ్బా?

చేతికి జీపీఎస్ వాచ్ లేదు, జేబులో ఫోన్ ఉంది. ఏ దారిలో ఎంత దూరం వెళ్లామో, పోయిన నెలకంటే మెరుగయ్యామో లేదో తెలిస్తే చాలు. ఇలా అడిగే కొత్తవాళ్లకు నేను రెండు యాప్‌లే చెబుతాను.

పరుగు ఒక్కటే అయితే నైకీ రన్ క్లబ్ పెట్టుకోండి. ఉచితం. అందులోని గైడెడ్ రన్‌లలో కోచ్ ఇంగ్లిష్‌లో చెవిలో మాట్లాడుతూ నెమ్మదిగా మొదలుపెట్టిస్తాడు. మొదటి కిలోమీటరుకే ఆయాసపడి ఆగిపోయే వాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. కానీ సైకిల్‌కు అందులో చోటు లేదు. గంటకు 20 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌ను పరుగుగా ఎక్కిస్తే కిలోమీటరుకు 3 నిమిషాలని పడుతుంది, ఇక మీ అసలు పరుగు రికార్డులు పాడైనట్టే.

రెండూ చేసేవాళ్లకు స్ట్రావా మేలు. పరుగు, రైడ్ లెక్కలు విడివిడిగా ఉంటాయి. వెళ్లొచ్చిన దారి మ్యాప్, దూరం, సమయం ఉచితంగానే చూడొచ్చు. వెళ్లబోయే రూట్‌ను ముందుగా గీసుకోవాలంటే మాత్రం డబ్బు కట్టాలి. రోజూ తిరిగే రోడ్లే అయితే దాని అవసరం రాదు. కొత్త దారి దూరం గూగుల్ మ్యాప్స్‌లో చూసుకోవచ్చు. స్ట్రావాలో ఇంకో జాగ్రత్త: సెట్టింగ్స్‌లో Map Visibility తెరిచి బయలుదేరిన చోటు, ఆగిన చోటు దాచేయండి. లేకపోతే మీ ఇల్లు ఎక్కడో ఎవరికైనా తెలిసిపోవచ్చు.

ఏ యాప్ అయినా అసలు చిక్కు ఫోన్‌తోనే. ఒకసారి హుస్సేన్‌సాగర్ ఒడ్డున అరగంటలో 5 కిలోమీటర్లు పరుగెత్తి మ్యాప్ చూస్తే, గీత నీళ్ల మీదుగా తిన్నగా పోయింది! దూరం 4 కిలోమీటర్లే చూపించింది. కిలోమీటరుకు 6 నిమిషాలు పట్టిన పరుగు ఏడున్నర నిమిషాలైంది. నిజం తెలియక ముందు, నా పరుగే తగ్గిందనుకుని బాధపడ్డాను. స్క్రీన్ ఆరిపోగానే బ్యాటరీ మిగల్చడానికి ఫోన్ యాప్‌ను నిద్రపుచ్చడమే కారణం.

వంకర రోడ్డు మీద ఇలాంటి తిన్నని గీత కనబడితే, ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను Unrestricted చేయండి, లొకేషన్ అనుమతిలో Precise ఆన్‌లో ఉందో లేదో చూడండి. బయలుదేరే ముందు ఆకాశం కనిపించే చోట నిలబడి, జీపీఎస్ సిగ్నల్ అందాకే స్టార్ట్ నొక్కండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే నొక్కితే మొదటి వంద మీటర్లు మ్యాప్‌లో పక్క వీధిలో పడతాయి.

మీరు ఈ రెండు యాప్‌లలో దేన్నైనా మొదలుపెట్టబోతుంటే, సైకిల్ ఎక్కే ఆలోచన కాస్తయినా ఉంటే స్ట్రావాతోనే మొదలుపెట్టండి. ఆరు నెలల తర్వాత యాప్ మారిస్తే పాత లెక్కలన్నీ ఒకచోట, కొత్తవి ఇంకోచోట ఉండిపోతాయి.