సైకిల్ బొమ్మకు ఏది మేలు: ఫోటోనా, త్రీడీనా?

షాపులో నిలబెట్టిన సైకిల్‌ను అమ్మాలంటే ఫోటోనే మేలు. ఇంకా లారీ దిగని రంగులు చూపించాలంటే కంప్యూటర్‌లో తయారుచేసే త్రీడీ బొమ్మ. నా తీర్పు ఇదే, అయితే రెండింట్లోనూ చెడగొట్టే చోట్లు వేరు వేరు, అవి తెలియకుండా ఏది ఎంచుకున్నా డబ్బులు దండగ. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ నుంచి రేణిగుంట రోడ్డు దాకా ఫ్లెక్సీలు చూస్తూ పోండి, ముందు చక్రం గుమ్మడికాయంత, వెనకది అందులో ముప్పాతిక ఉన్న సైకిళ్లు ఎన్ని కనబడతాయో.

ఒక మామూలు సైకిల్‌నే తీసుకుందాం. 26 అంగుళాల చక్రాలు, చక్రానికి 36 స్పోకులు, గేర్లు లేవు, ముందు డిస్క్ బ్రేకు, వెనక రిమ్‌ను పట్టే బ్రేకు. షాపు అన్నకు ఇన్‌స్టాలో పెట్టడానికి ఒక బొమ్మ, ఫ్లెక్సీకి ఒక బొమ్మ కావాలి.

ముందు ఫోటో సంగతి. ఫోన్ లెన్స్ చక్రాన్ని సాగదీస్తుందని చాలామంది అంటారు గానీ అది సగమే నిజం. ఫోన్, సైకిల్ ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఫ్రేములో చివరికి పోయినా చక్రం గుండ్రంగానే వస్తుంది, హ్యాండిల్, పెడల్ లాంటి ముందుకు పొడుచుకొచ్చేవే పెద్దవిగా కనబడతాయి. అసలు దెబ్బ సైకిల్ కొంచెం వంకరగా నిలబడినప్పుడు తగులుతుంది. రెండు ఇరుసుల మధ్య మీటరు పైచిలుకు దూరం ఉంటుంది కదా, సైకిల్ 5 డిగ్రీలు తిరిగి ఉందనుకోండి, రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఒక చక్రం ఇంకోదాని కంటే దాదాపు 5 శాతం పెద్దదిగా పడుతుంది. అదే వంకర, ఆరు మీటర్ల నుంచి తీస్తే తేడా ఒకటిన్నర శాతమే. కంటికి ఆనదు.

అయితే అందరూ ఆరు మీటర్లు వెనక్కి పోవాలా అంటే, మీ ఫోన్‌లో 3x లెన్స్ విడిగా ఉంటేనే పోండి. మామూలు లెన్స్‌తో అంత దూరం నుంచి తీస్తే నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు ఫోటోలో సైకిల్‌కు దక్కేది ఎనిమిది వందల చిల్లర. స్పోకు మందం రెండు మిల్లీమీటర్లు, అంటే స్పోకుకు ఒక్క పిక్సెల్! అప్పుడు స్పోకులు గీతల్లా కాకుండా ముక్కలు ముక్కలుగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. వేళ్లతో జూమ్ చేస్తే పోయిన పిక్సెళ్లు తిరిగి రావు. విడి లెన్స్ లేనివాళ్లు మూడు మీటర్ల దగ్గర ఆగి, వంకర లేకుండా చూసుకోవడమే మేలు. దానికి ఒక దారం చాలు: ఫోన్ పెట్టిన చోటి నుంచి ముందు ఇరుసుకు ఎంత పొడవో, వెనక ఇరుసుకూ అంతే ఉండాలి. ఫోన్‌ను నిలబడి కిందికి వంచి తీయకండి, చక్రాలు కోడిగుడ్లు అవుతాయి. నేల నుంచి అర మీటరు ఎత్తులో నిటారుగా పెట్టండి.

వెనకాల ఏముందనేది కూడా చూడాలి. షాపు షట్టర్ ముందు పెట్టి తీస్తే షట్టర్ అడ్డగీతలు స్పోకుల సందుల్లోంచి కనబడి రెండూ కలిసిపోతాయి. అలిపిరి దగ్గర కొండ కనబడేలా తీసినా అంతే, చెట్ల ఆకులన్నీ చక్రంలోకి వచ్చేస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ పెడితే ఇంకా ఘోరం, స్పోకుల మధ్య కొన్నిచోట్ల మసక, కొన్నిచోట్ల స్పష్టం. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే యాప్‌లు స్పోకులనే కొరికేస్తాయి. రంగు గోడో, బూడిద రంగు గుడ్డో వెనకాల ఉంటే అసలు కత్తిరించే పనే ఉండదు. తెల్ల గుడ్డ వద్దు, మెరిసే స్పోకులు అందులో కలిసిపోతాయి.

ఇక త్రీడీ. ఇందులో వంకర భయం లేదు, వెనకాల ఏం కావాలంటే అది, రంగు మార్చడం రెండు నిమిషాల పని. కానీ ఇక్కడ కెమెరా తనంతట తాను నిజం చూపించదు, మీకు తెలిసినదే బొమ్మలోకి వస్తుంది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో వృత్తం పెడితే మొదట 32 మూలలతో వస్తుంది. చక్రం వెయ్యి పిక్సెళ్ల వెడల్పున పడితే అంచు రెండు పిక్సెళ్లకు పైగా లోపలికి కోసుకుపోతుంది, టైరు అంచు పలకలు పలకలుగా కనబడుతుంది. మూలలు 128కి పెంచితే అది పోతుంది. ఇది సులభం.

స్పోకుల దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. ఒక స్పోకు గీసి దాన్ని 10 డిగ్రీలకు ఒకటి చొప్పున 36 సార్లు తిప్పేస్తారు, స్పోకులన్నీ చక్రం నడిమి భాగమైన హబ్ మధ్య నుంచి నేరుగా బయటికి పోతాయి. మామూలు సైకిల్ చక్రం అలా కట్టరు. స్పోకు హబ్ అంచుకు ఒరుసుకుంటూ బయలుదేరి, అదే వైపున్న మూడు స్పోకులను దాటి రిమ్‌కు చేరుతుంది. హబ్‌లో దాని రంధ్రానికీ రిమ్‌లో దాని రంధ్రానికీ మధ్య 60 డిగ్రీల తేడా ఉంటుంది. హబ్‌కు అటు 18, ఇటు 18, ఒకవైపు రంధ్రాలు రెండో వైపు రంధ్రాల మధ్యలో పడేలా 10 డిగ్రీలు జరిగి ఉంటాయి. అందుకే తిప్పాల్సింది ఒక స్పోకును కాదు, నాలుగు స్పోకుల జట్టును, ప్రతివైపూ ముందుకు వాలేది ఒకటి, వెనక్కి వాలేది ఒకటి. ఆ జట్టును 40 డిగ్రీలకు ఒకసారి చొప్పున తొమ్మిది సార్లు. రిమ్ దగ్గర స్పోకులు సమ దూరంలో వచ్చాయా అని లెక్కపెట్టి చూస్తే తప్పు వెంటనే బయటపడుతుంది.

చైన్ ఇంకో పేచీ. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, దాన్ని సాగదీయకూడదు. కానీ చైన్‌ను గీత వెంబడి పరిస్తే సాఫ్ట్‌వేర్ లింకులను సాగదీసి చుట్టు పూర్తి చేసేస్తుంది, పళ్లు రంధ్రాల్లో కూర్చోవు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, పెడళ్ల ఇరుసుకూ వెనక చక్రం ఇరుసుకూ మధ్య 440 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేస్తే దాదాపు 101 లింకులు వస్తాయి. చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు మార్చి మార్చి ఉంటాయి కాబట్టి బేసి సంఖ్య కుదరదు. 102 పెట్టి, వెనక చక్రాన్ని ఏడెనిమిది మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. మెకానిక్ రెంచి పట్టుకుని చేసేదీ ఇదే. ఫోటో తీసేవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అందుకే షాపులో ఉన్న సరుకుకు నేను త్రీడీ వద్దంటాను.

రెండింటికీ కామన్‌గా తగిలే తప్పు ఫ్లెక్సీ డిజైనర్ చేతిలో జరుగుతుంది. అక్షరాలకు చోటు కావాలని బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేస్తాడు. సైకిల్ చైన్ కుడివైపు, డిస్క్ బ్రేకు ఎడమవైపు. కుడివైపు నుంచి తీసిన ఫోటోలో చైన్ ముందుకు, డిస్క్ స్పోకుల వెనకాల కనబడాలి. తిప్పితే చైన్ ఎడమకు పోతుంది, ఫ్రేము మీద పేరు కూడా తిరగబడుతుంది. సైకిల్ ఎడమకు చూస్తున్నట్టు కావాలంటే ఎడమవైపు నుంచి ఇంకో ఫోటో తీయమని చెప్పండి, అప్పుడు డిస్కూ దాన్ని పట్టే కాలిపరూ ఫోర్కు ఎడమ కాలికి బాగా కనబడతాయి కూడా. వెనక బ్రేకు రబ్బరు ముక్కలు రిమ్ మీదే ఉండాలి, టైరును తాకుతూ ఉన్నాయంటే అది త్రీడీ బొమ్మ అనుకోవచ్చు, నిజం సైకిల్ అయితే టైరు కోసుకుపోతుంది.

మోటారు సైకిల్‌కు త్రీడీ జోలికి పోకండి. అల్లాయ్ చక్రం గీయడం స్పోకుల కంటే సులభమే, కానీ ఇంజిన్ రెక్కలు, వైర్లు, పైపులు కలిపి మోడల్ చేయించే డబ్బుతో పదిసార్లు ఫోటోలు తీయించుకోవచ్చు. దూరం, ఎత్తు సంగతులు పైన చెప్పినవే. వైపు మాత్రం మారుతుంది: మన రోడ్ల మీది బైకుల్లో ఎక్కువ వాటికి చైన్ ఎడమవైపు, సైలెన్సర్, బ్రేకు పెడల్ కుడివైపు ఉంటాయి, గేర్ పెడల్ ఎడమ కాలికి. చైన్ స్ప్రాకెట్ అమ్మే షాపువాడికి ఎడమవైపు ఫోటో, సైలెన్సర్ అమ్మేవాడికి కుడివైపు ఫోటో.