పన్ను తీయించుకునే ముందు అడగండి: మూడో రోజు సలుపు వస్తే ఎవరు చూస్తారు?

గుంటూరు చుట్టుపక్కల జ్ఞానదంతం తీయించుకోబోతున్నవాళ్లు, ముఖ్యంగా ‘అంతా కలిపి ఇంత’ అనే ప్యాకేజీ చూసి వెళ్లేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. క్లినిక్ పేరు రాయడం లేదు. ఇలాంటి పద్ధతి ఒక్క చోటే ఉందని నేను అనుకోవడం లేదు కాబట్టి, పేరు కన్నా ఏం జరిగిందో తెలియడమే మీకు పనికొస్తుంది.

నాకు కింద కుడివైపు చివరి పన్ను అడ్డంగా వచ్చింది. గురువారం సాయంత్రం తీశారు. చిగురు కోసి, కాస్త ఎముక తీసి, పన్నును రెండు ముక్కలు చేసి లాగారు, దాదాపు ముప్పావు గంట పట్టింది. తీసిన డాక్టర్ గారి చేతి పనిని నేను తప్పు పట్టడం లేదు, మత్తు బాగా ఇచ్చారు, ఓపికగా చేశారు. ఆయన ఆ క్లినిక్ మనిషి కాదని, వారానికి ఒక్క గురువారమే వచ్చి వెళ్లే సర్జన్ అని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. గాజుగుడ్డ కరిపించి, మాత్రల చీటీ ఇచ్చి, ‘వారం తర్వాత కుట్లు తీస్తారు, రండి’ అని పంపేశారు. ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అని ఒక కాగితం గానీ, నొప్పి ఎక్కువైతే ఫోన్ చేయడానికి ఒక నంబర్ గానీ లేవు.

శుక్రవారం బుగ్గ వాచింది, నొప్పి ఉంది కానీ మాత్రకు తగ్గుతోంది. శనివారానికి చాలా నయం అనిపించి పెరుగన్నం మెత్తగా కలుపుకుని కడుపునిండా తిన్నాను, మా ఆయన కొబ్బరిబొండం తెస్తే స్ట్రా వేసుకుని తాగాను. కుట్ల దగ్గర ఏదో అంటుకున్నట్టుందని క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి ‘మేం ఇచ్చిన మౌత్‌వాష్‌తో గట్టిగా పుక్కిలించి ఊసేయండి మేడం, పోతుంది’ అంది. చెప్పినట్టే చేశాను. అది కూడా బిల్లులో విడిగా వేసిన సీసానే.

ఆదివారం మధ్యాహ్నం నుంచి మొదలైంది అసలు బాధ. పన్ను తీసినప్పటి నొప్పికీ దీనికీ పోలికే లేదు. గుండె కొట్టుకున్నట్టే దవడ లోపల ఒక్కో పోటు పొడుస్తూ, అక్కడి నుంచి చెవిలోకి, కణతకు పాకుతోంది. పడుకుంటే ఇంకా ఎక్కువ. ఆరు గంటలు పనిచేయాల్సిన మాత్ర గంటన్నర కూడా ఆగలేదు. నోట్లో ఏదో కుళ్లిన రుచి, మాట్లాడితే నాకే తెలిసేంత వాసన. జ్వరం లేదు, వాపు కూడా ముందురోజు కన్నా తగ్గింది, అందుకే ఇంట్లో అందరం ‘తగ్గే ముందు ఇలాగే సలుపుతుందేమో’ అనుకున్నాం. అత్తయ్య లవంగం నలిపి పెట్టుకోమన్నారు, పెట్టుకుంటే చిగురు భగ్గుమని మండింది, సలుపు అలాగే ఉంది.

రాత్రి పది గంటలకు క్లినిక్‌కి మళ్లీ ఫోన్ చేశాను. ‘పన్ను తీశాక నొప్పి మామూలే మేడం, సార్ గురువారం వస్తారు, అప్పటిదాకా మాత్ర మూడు పూటలూ వేసుకోండి’ అన్నారు. వేసుకుంటున్నాను, పనిచేయడం లేదు అంటే ‘మెడికల్ షాపులో ఇంకొంచెం పవర్ ఉన్నది అడగండి’ అన్నారు. మెడికల్ షాపు అతను నొప్పి మాత్రతో పాటు ఇంకో యాంటీబయాటిక్ కూడా కట్టాడు, 640 రూపాయలు. తెల్లవారేదాకా కుర్చీలో కూర్చునే ఉన్నాను.

సోమవారం పొద్దున ఫోన్ లైట్ వేసుకుని అద్దంలో చూసుకున్నాను. పన్ను ఉన్నచోట ముదురు ఎరుపు గడ్డ కనపడాలి కదా, నాకు ఖాళీ గుంత కనపడింది, అడుగున బూడిదరంగు కలిసిన తెలుపుతో గట్టిగా ఏదో ఉంది, పక్కన ఒక అన్నం మెతుకు. ఇక గురువారం దాకా ఆగే ప్రశ్నే లేదని వేరే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అద్దం పెట్టి చూసి, ‘ఇది డ్రై సాకెట్ అమ్మా, మీకు కనపడింది ఎముక’ అన్నారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. పన్ను తీశాక ఆ గుంతలో రక్తం గడ్డకట్టి ఎముకకు మూతలా ఉంటుంది, దాని మీదే కొత్త కణజాలం పుడుతుంది. ఆ గడ్డ ముందే కరిగిపోయినా, ఊడి వచ్చినా కింద ఎముక బయటపడుతుంది, గాలి తగిలినా నీళ్లు తగిలినా పోటు వస్తుంది. సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మొదలవుతుంది, అందులోనూ మూడో రోజు అంటే సరిగ్గా నాకు వచ్చినట్టే. మామూలు నొప్పి మొదటి ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉండి రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. తగ్గిందనుకున్నాక మళ్లీ లేచి, చెవి వైపు పాకి, మాత్రకు లొంగకపోతే అదే గుర్తు. కింది దవడ జ్ఞానదంతాలకు, కష్టపడి తీసిన పళ్లకు ఇది ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకూ గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకూ కూడా ఎక్కువేనట. ఆవిడ ఆ రెండూ అడిగారు, మొదటి క్లినిక్‌లో నన్ను ఎవరూ అడగలేదు. మరి స్ట్రా వల్లా, గట్టిగా పుక్కిలించడం వల్లా అంటే, ‘అదొక్కటే కారణమని నేను చెప్పలేను, ఎముక తీసి చేసిన కేసు కాబట్టి ఏ జాగ్రత్త తీసుకున్నా వచ్చే అవకాశం కొంత ఉంది, కానీ ఆ రెండూ చేయకుండా ఉండాల్సింది’ అన్నారు.

ఇక్కడ ఒక్క మాట, భయపడి అందరూ అద్దం ముందు నిలబడకండి. మూడో రోజుకి గుంత మీద పసుపు కలిసిన తెల్లని మెత్తటి పొర కనపడటం మామూలే, అది మానుతున్న గుర్తు, చీము అనుకుని పుల్లతోనో ఇయర్‌బడ్‌తోనో గీకితే చేతులారా గాయం రేపుకున్నట్టే. నొప్పి తగ్గుతూ ఉంటే ఆ తెలుపును చూసి టెన్షన్ పడనక్కర్లేదు. అది పొరా, ఎముకా అనేది మనకు తేలదు కూడా, చూడాల్సిన మనిషి చూడాలి.

వైద్యం పెద్దదేమీ కాదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. వేరు ముక్క ఏమైనా మిగిలిందేమో అని చిన్న ఎక్స్‌రే తీశారు, లేదు. సూది లేని సిరంజితో గోరువెచ్చని సెలైన్ మెల్లగా గుంతలోకి వదులుతూ కడిగారు, మెతుకులు బయటికొచ్చాయి, ఆ రెండు నిమిషాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల గీకడం లాంటిదేమీ చేయలేదు. తర్వాత లవంగనూనె వాసన వచ్చే మందు పట్టించిన సన్నని గాజుగుడ్డ ముక్కను గుంతలో వదులుగా పెట్టారు. లవంగం ఇంట్లో పెడితే మండింది కదా అంటే, నూనె నేరుగా పోస్తే చిగురు కాలుతుంది, ఇది మోతాదు ప్రకారం కలిపిన మందు అని చెప్పారు. కుర్చీ దిగి బిల్లు కట్టేలోపే పోటు సగానికి తగ్గింది, ఆ రాత్రి నిద్రపోయాను. ఆ గుడ్డను లోపల వదిలేయకూడదు, బుధవారం తీసి కొత్తది పెట్టారు, శుక్రవారం తీసేసి ఇక అవసరం లేదన్నారు. ఆదివారానికి నొప్పి మాత్ర మానేశాను. మెడికల్ షాపులో కట్టిన యాంటీబయాటిక్ గురించి అడిగితే, ఇన్‌ఫెక్షన్ ఉంటే వేరే సంగతి గానీ డ్రై సాకెట్ నొప్పికి అది మందు కాదని పక్కన పెట్టించారు. నొప్పి మాత్రలు కూడా రెండు రకాలు కలిపి మింగేయకండి, అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఏది వేసుకోవచ్చో డాక్టర్‌నే అడగండి.

పుక్కిలించడం గురించి ఆవిడ చేసి చూపించినది రాస్తున్నాను, ఎందుకంటే అందరం పొరపాటు పడేది ఇక్కడే. మొదటి 24 గంటలు అసలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, లాలాజలం మింగేయడమే. ఆ తర్వాత ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు. మణికట్టు మీద పోసుకుంటే వేడి అనిపించకూడదు. ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గలు ఆడించకుండా తలను మెల్లగా ఆ పక్కకూ ఈ పక్కకూ వంచాలి, నీళ్లు వాటంతట అవే ఆ చోట తిరుగుతాయి. అర నిమిషం అయ్యాక సింక్ మీదికి వంగి నోరు తెరిస్తే చాలు, అవే జారిపోతాయి. ఊసినప్పుడు నోట్లో పడే ఒత్తిడే గడ్డను లాగుతుందట, స్ట్రా వద్దనడానికి కారణం కూడా అదే. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు ఇలా చేయాలి. కానీ సలుపు మొదలయ్యాక ఉప్పునీళ్లతోనే నయమవుతుందని కూర్చోకండి, అవి గుంతను శుభ్రంగా ఉంచుతాయి అంతే, నొప్పి తగ్గించేది లోపల పెట్టే మందే.

ఇప్పుడు డబ్బు సంగతి. మొదటి చోట ప్యాకేజీ కాక మౌత్‌వాష్‌కు విడిగా, మెడికల్ షాపులో 640, రెండో చోట ఎక్స్‌రే, మూడుసార్ల డ్రెస్సింగ్ కలిపి 1,800 అయ్యాయి. డ్రై సాకెట్ వచ్చినందుకు నేను మొదటి క్లినిక్‌ను నిలదీయడం లేదు, అది ఎక్కడ తీయించుకున్నా రావచ్చు. మూడో రోజు సలుపు అని చెప్పిన మనిషిని ‘రండి, చూస్తాం’ అనకుండా ఫోన్‌లోనే గురువారానికి తోసేసినందుకే నా కోపం. తర్వాత వెళ్లి అడిగితే ‘ప్యాకేజీలో కుట్లు తీయడమే ఉంది, మధ్యలో చూడటం లేదు’ అన్నారు.

కాబట్టి డబ్బు కట్టే ముందే కౌంటర్ దగ్గర అడగండి: తీసే డాక్టర్ రోజూ ఇక్కడే ఉంటారా, ఆయన లేని రోజు నొప్పి వస్తే ఇక్కడ గుంత చూసి డ్రెస్సింగ్ చేసేది ఎవరు, దానికి విడిగా ఎంత, ఆదివారం ఎవరికి ఫోన్ చేయాలి. చీటీ వెనకైనా సరే రాయించుకోండి. వీలైతే సోమ, మంగళవారాల్లో తీయించుకోండి, మూడో రోజు ఆదివారం మీద పడదు.

ఇంకొకటి. వాపు మొదటి రెండు మూడు రోజులు ఉండి తగ్గాలి, ఆ తర్వాత కొత్తగా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కారుతున్నా అది డ్రై సాకెట్ దాటిన వ్యవహారం, అదే రోజు చూపించుకోండి. గాజుగుడ్డ అరగంట గట్టిగా కరిచినా రక్తం ఆగకపోతే, నోరు తెరుచుకోక మింగడం కష్టమైతే, ఊపిరి ఆడకపోతే క్లినిక్‌కి ఫోన్లు చేస్తూ ఉండకుండా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.