టోర్నడో చిత్రం: అన్నింటికీ ఒకే 10 శాతమా, దేని పరిధి దానికా?

ఒక్కో అంశం మారితే మొత్తం ఎంత కదులుతుందో పట్టీలుగా గీసి, వెడల్పాటిది పైన, సన్ననిది అడుగున పేర్చే బొమ్మే టోర్నడో చిత్రం. ఒక నిర్మాణ బడ్జెట్ 100 అనుకుందాం: కూలి 40, సామగ్రి 30, యంత్రాల అద్దె 20, పునాది 10. అన్నింటినీ 10 శాతం అటూ ఇటూ జరిపితే కూలి పట్టీ 8 వెడల్పుతో పైకొస్తుంది, పునాది 2తో అడుగున పడుతుంది. అంటే బడ్జెట్ పట్టికనే మళ్లీ బొమ్మగా గీశాం. పట్టీల వరుస ఖర్చుల వరుసతో అచ్చంగా సరిపోతే అనుమానించాల్సిందే.

నేనైతే దేని పరిధి దానికే ఇస్తాను. కూలి ఒప్పందం కుదిరింది కాబట్టి 39–42 మధ్యే ఉంటుంది. నేల పరీక్ష ఇంకా కాలేదు. పునాది 8కే తేలొచ్చు, రాయి తగిలితే 18 దాకా పోవచ్చు. ఇప్పుడు పునాది పట్టీ 10, కూలిది 3. ముందు చేయించాల్సింది నేల పరీక్షేనని బొమ్మే చెబుతోంది.

రెండు పద్ధతులూ ఒక్కోసారి ఒక్క ఖర్చునే కదుపుతాయి. పని ఆలస్యమై కూలీ, అద్దే కలిసి పెరిగితే ఆ దెబ్బ ఏ పట్టీలోనూ కనిపించదు.