నొక్కిన కీ పడకపోతే ఏది కొనాలి: ఎక్కువ పోలింగ్ రేటా, మంచి రోలోవరా?

ఐదారు వందల రూపాయల కీబోర్డుతో ఆటలు ఆడేవారు చెప్పే ఫిర్యాదు చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది: పై బాణం, ఎడమ బాణం కలిపి పట్టుకుని ఐమూలగా కదులుతూ స్పేస్ నొక్కితే ఆటలోని మనిషి కదులుతూనే ఉంటాడు గానీ కాల్చడు, లేదా దూకడు. దీనికి మందు వెతుకుతూ దుకాణానికి వెళితే పెట్టెల మీద రెండు రకాల వాగ్దానాలు కనిపిస్తాయి. ఒకటి 1000 హెర్ట్జ్, 8000 హెర్ట్జ్ అంటూ పోలింగ్ రేటును, అంటే కంప్యూటర్ కీబోర్డును సెకనుకు ఎన్నిసార్లు అడుగుతుందన్నదాన్ని గురించి చెప్పేది. రెండోది యాంటీ ఘోస్టింగ్, 6KRO, NKRO అంటూ రోలోవర్‌ను, అంటే ఒకేసారి నొక్కిన ఎన్ని కీలను కీబోర్డు సరిగా గుర్తిస్తుందన్నదాన్ని గురించి చెప్పేది. కీలు తప్పిపోతున్నాయన్నదే మీ బాధ అయితే మొదటిదానికి డబ్బు పెట్టడం వృథా. పోలింగ్ రేటు తక్కువైతే కీ ఆలస్యంగా అందుతుంది గానీ తప్పిపోదు. తప్పిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ కీబోర్డు లోపలి తీగల అల్లికలోనే ఉంటుంది.

కీబోర్డులో 104 కీలుంటే ఒక్కో కీ నుంచి ఒక్కో తీగను కంట్రోలర్ చిప్‌కు లాగరు, ఎందుకంటే అన్ని కాళ్లున్న చిప్ ఖరీదవుతుంది. అందుకు బదులు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలు వేసి అవి కలిసే ప్రతి కూడలిలోనూ ఒక కీని పెడతారు. ఉదాహరణకు 8 అడ్డ తీగలు, 18 నిలువు తీగలు వేస్తే 26 తీగలతోనే 144 కూడళ్లు దొరుకుతాయి. దీన్నే మ్యాట్రిక్స్ అంటారు. చౌక మెంబ్రేన్ కీబోర్డులో ఈ తీగలు నిజానికి పల్చని ప్లాస్టిక్ పొరల మీద అచ్చువేసిన వాహక సిరా గీతలు. కీని నొక్కితే పై పొర కింది పొరను తాకుతుంది. కంట్రోలర్ ఒక్కొక్క నిలువు తీగకూ వరుసగా సంకేతం ఇస్తూ, అది ఏయే అడ్డ తీగల్లో తిరిగి కనిపిస్తుందో చూసి, ఏ కూడలిలోని కీ నొక్కారో లెక్కగడుతుంది.

పైన చెప్పిన మూడు కీలనే తీసుకుని చూద్దాం. ఒక కీబోర్డులో పై బాణం మొదటి అడ్డ తీగ, మొదటి నిలువు తీగ కలిసేచోట ఉందనీ, ఎడమ బాణం అదే అడ్డ తీగ మీద రెండో నిలువు తీగ దగ్గర ఉందనీ, స్పేస్ రెండో అడ్డ తీగ మీద మొదటి నిలువు తీగ దగ్గర ఉందనీ అనుకుందాం. ఈ మూడూ ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలలు. నాలుగో మూలలో, అంటే రెండో అడ్డ తీగ, రెండో నిలువు తీగ కలిసేచోట, M కీ ఉందనుకుందాం. మూడు కీలూ నొక్కి ఉన్నప్పుడు కంట్రోలర్ రెండో నిలువు తీగకు సంకేతం ఇస్తే, అది ఎడమ బాణం గుండా మొదటి అడ్డ తీగకు చేరి, అక్కడి నుంచి పై బాణం గుండా మొదటి నిలువు తీగలోకి వెనక్కి పారి, చివరికి స్పేస్ గుండా రెండో అడ్డ తీగకు వచ్చేస్తుంది. అలా రావడంతో ఎవరూ ముట్టుకోని M కూడా నొక్కినట్టే కంట్రోలర్‌కు కనిపిస్తుంది. ఘోస్టింగ్ అంటే ఇదే: వేలు పెట్టని కీ పడటం.

అయితే నేడు అమ్ముడయ్యే కీబోర్డుల్లో ఇలా M దానంతటదే పడటం మీరు దాదాపు చూడరు. ఇలాంటి అమరిక ఎదురైతే మూడు కీలు నొక్కారో నాలుగు నొక్కారో కంట్రోలర్ తేల్చుకోలేదు కనుక, తప్పుడు కీని పంపడం కంటే చివర నొక్కిన కీని పంపకుండా ఆపేయడమే మేలని దాని లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, అలా రాస్తారు. టైపు చేసేవారికి అది మంచి నిర్ణయమే, కానీ ఆడేవారికి మాత్రం స్పేస్ పడకుండా పోతుంది. ఇక్కడే పెట్టె మీది మాటల మర్మం ఉంది. యాంటీ ఘోస్టింగ్ అని మాత్రమే రాసి, ఎన్ని కీలకో, ఏ కీలకో చెప్పని కీబోర్డు ఈ ఆపివేతనే గొప్పగా చెప్పుకుంటూ ఉండవచ్చు. అంటే మీరు వదిలించుకోవాలనుకుంటున్న జబ్బునే మీకు మందుగా అమ్ముతూ ఉండవచ్చు.

కొనడానికి ముందు మీ కీబోర్డు బాధ నిజంగా ఇదేనా అని తేల్చుకోవాలి, అందుకు నోట్‌ప్యాడ్ చాలు. రెండు మూడు వరుసల అక్షరాలు రాసి, పై బాణాన్నీ ఎడమ బాణాన్నీ నొక్కి పట్టుకుని, స్పేస్ నొక్కండి. ఖాళీ పడకపోతే ఆ మూడూ కలవని కీలన్నమాట. అదేవిధంగా W, A పట్టుకుని స్పేస్ నొక్కినప్పుడు, స్పేస్ చేరితే a వరుసగా పడటం ఆగి ఖాళీలు మొదలవుతాయి, చేరకపోతే a ఏమీ ఎరగనట్టు పడుతూనే ఉంటుంది. తర్వాత నొక్కే క్రమం మార్చి చూడండి. ముందు స్పేస్, పై బాణం నొక్కి చివర ఎడమ బాణం నొక్కితే ఈసారి ఎడమ బాణం తప్పిపోయిందంటే, తప్పు ఏ ఒక్క కీదీ కాదని, ఆ జట్టుదేనని రుజువైనట్టే. అలా కాక ఒక కీ ఒంటరిగా నొక్కినా అప్పుడప్పుడు పడకపోతే అది దుమ్ము లేదా అరిగిన పొర. వైర్‌లెస్ కీబోర్డులో ఏ కీ అయినా, ఎప్పుడైనా పడకపోతుంటే బ్యాటరీనీ సంకేతాన్నీ అనుమానించాలి. చాలామందికి తట్టని ఇంకో కారణం విండోస్‌లోని ఫిల్టర్ కీస్. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే దాన్ని ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. ఆట హడావుడిలో సరేననేస్తే ఆపై క్షణకాలపు నొక్కుళ్లన్నిటినీ అది పట్టించుకోవడం మానేస్తుంది. కీబోర్డును తిట్టుకునే ముందు సెట్టింగుల్లో అది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవడం మంచిది.

పరీక్షలో జట్టు దోషమే తేలితే ఎదుట ఉన్నవి రెండు దారులు. మొదటిది గేమింగ్ మెంబ్రేన్ కీబోర్డు. దీనిలోనూ అవే పొరలు, అదే మ్యాట్రిక్స్. తేడా ఏమిటంటే W, A, S, D, వాటి చుట్టుపక్కల కీలు, స్పేస్ ఒకే దీర్ఘచతురస్రంలో పడకుండా గీతలను మళ్లించి ఉంటారు. నాలుగో మూలలో అసలు ఏ కీ లేకుండా ఖాళీ కూడలిని వదిలినా సరిపోతుంది, ఎందుకంటే లేని కీ పడిందేమోనన్న అనుమానం కంట్రోలర్‌కు రాదు. పెట్టె మీద 19 కీలు, 26 కీలు అని రాసేది ఈ మళ్లింపు జరిగిన కీల సంఖ్య. అన్నిటినీ ఒకేసారి నొక్కవచ్చని దానర్థం అనుకోనక్కర్లేదు, ఆ ప్రాంతం దాటితే కీబోర్డు మళ్లీ మామూలుదే. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలకు మాత్రం సాధారణంగా చౌక కీబోర్డుల్లో కూడా వేరే తీగలు ఇస్తారు. కాబట్టే కంట్రోల్‌తో వంగడంలో ఇబ్బంది రాని చోట కూడా స్పేస్‌తో దూకడంలో వస్తుంది.

రెండో దారి ప్రతి కీ దగ్గరా ఒక డయోడ్ ఉన్న మెకానికల్ కీబోర్డు. డయోడ్ విద్యుత్తును ఒక్క వైపే పోనిస్తుంది కనుక, మన ఉదాహరణలో పై బాణం గుండా వెనక్కి పారిన ఆ దొంగదారి మూసుకుపోతుంది, దాంతో ఎన్ని కీలు నొక్కినా దేనికది విడిగా తెలుస్తుంది. NKRO అంటే ఇదే. మెకానికల్ ఫీల్, సెమీ మెకానికల్ అనే పేర్లతో అమ్మేవి చాలావరకు లోపల మెంబ్రేన్ కీబోర్డులే కాబట్టి, టకటక శబ్దాన్ని చూసి ఇది కొన్నామనుకోకూడదు.

6KROకూ NKROకూ మధ్య తేడా గురించి జరిగే వాదన నా ఉద్దేశంలో అవసరానికి మించినది. 6 అన్న సంఖ్య తీగల నుంచి కాక యూఎస్‌బీ పద్ధతి నుంచి వచ్చింది: కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు కూడా పనిచేసేలా నిర్ణయించిన కీబోర్డు సందేశం 8 బైట్లు, అందులో ఒకటి షిఫ్ట్, కంట్రోల్ వంటి కీలకు, ఒకటి ఖాళీ, మిగిలిన ఆరు మామూలు కీలకు. ఒక మనిషి ఆటలో ఒకేసారి ఏడు మామూలు కీలు నొక్కే సందర్భం చాలా అరుదు. కనుక నిజమైన 6KRO, అంటే ఏ ఆరు కీలైనా సరే పడే కీబోర్డు, ఒక్కరికి చాలినంత. అసలు తేడా ఏ ఆరైనా పడటానికీ, ఎంపిక చేసిన కొన్ని మాత్రమే పడటానికీ మధ్య ఉంది. ఒకే కీబోర్డు మీద ఒకరు W, A, S, D, ఇంకొకరు బాణాలు పంచుకుని ఆడే ఆటల్లో ఈ తేడా బయటపడుతుంది: ఇద్దరూ ఐమూలగా కదులుతూ చెరొక కీ నొక్కితేనే ఆరు కీలు, అవీ కీబోర్డుకు రెండు కొసల్లో. గేమింగ్ మెంబ్రేన్ ఇక్కడ ఓడిపోవచ్చు, డయోడ్లున్నది ఓడిపోదు.

ఇక పోలింగ్ రేటు. కీబోర్డులో ఏముందని కంప్యూటర్ సెకనుకు ఎన్నిసార్లు అడుగుతుందన్నదే అది. మామూలు కీబోర్డుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగ్ కీబోర్డుకు 1000 సార్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి. కీబోర్డు పంపే జవాబులో ఆ క్షణాన ఏయే కీలు నొక్కి ఉన్నాయో ఉంటుంది. మన వేలు ఎంత వేగంగా తట్టినా కీ కొన్ని పదుల మిల్లీసెకన్లు కిందే ఉంటుంది కనుక, 8 మిల్లీసెకన్ల విరామంలో అది జారిపోయే వీలు లేదు. నష్టపోయేది సగటున 4 మిల్లీసెకన్లు, 1000 హెర్ట్జ్‌లో అది అర మిల్లీసెకను. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్క ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుందని గుర్తుంచుకుంటే ఈ మూడున్నర ఎంతటిదో తెలుస్తుంది. పైగా కీ తాకినప్పుడు కలిగే అదురును వడపోయడానికి ఫర్మ్‌వేర్ తీసుకునే సమయం పెట్టె మీద ఎవరూ రాయరు గానీ, అదే అయిదు మిల్లీసెకన్లయితే 8000 హెర్ట్జ్ మిగిల్చేది దానిలో కలిసిపోతుంది. 240 హెర్ట్జ్ తెరతో పోటీలకు దిగేవారికి 1000 హెర్ట్జ్ సమంజసమే. అంతకు మించిన దాని కోసం రోలోవర్‌ను వదులుకోవడం మాత్రం సమంజసం కాదు.

ఈ లెక్కన, ఒక్కరే షూటింగ్ ఆటలు ఆడేవారికి 125 హెర్ట్జ్‌దైనా సరే గేమింగ్ మెంబ్రేన్ చాలు, అయితే మీరు వాడే కీలను దుకాణంలోనే నోట్‌ప్యాడ్‌లో నొక్కి చూసి తీసుకోవాలి. ఇద్దరు పంచుకుని ఆడేవారు, పాట తాళానికి అనేక కీలు ఒక్కసారి నొక్కే రిథమ్ ఆటలవారు డయోడ్లున్న NKRO కీబోర్డుకే వెళ్లాలి. కొన్నింటిలో అది మొదట 6KROలో ఉండి, ఎఫ్ఎన్ కీతో మరో కీ కలిపి నొక్కితేనే మారుతుంది కాబట్టి, కొన్న రోజే దానితో వచ్చిన కాగితం చూసి మార్చుకోవాలి. కొత్తది కొనే ఉద్దేశమే లేనివారు ఆట సెట్టింగుల్లో దూకే పనిని స్పేస్ నుంచి షిఫ్ట్‌కో ఆల్ట్‌కో మార్చి చూడవచ్చు. షిఫ్ట్‌ను ఎంచుకుంటే, దాన్ని వరుసగా ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టికీ కీస్ ప్రశ్నను ముందే సెట్టింగుల్లో ఆపుకోవాలి.